రెండు దారులూ ఒకే ఫోన్ మీద

లిఫ్టుల విడిభాగాలు నిల్వ చేసే గోదాములో ఆవిడ పన్నెండేళ్ళుగా స్టోర్‌కీపరు. అక్కడ అందరికీ స్టోరక్క. ఏ బేరింగు ఏ అరలో ఎన్ని ఉన్నాయో పుస్తకం తెరవకుండా చెప్పగలదు. ఆ గోదాము ఈ నెలాఖరుకి మూతపడుతోంది. అనుభవానికి విలువుందని వీడ్కోలు సభల్లో చెబుతారు గానీ, ఉద్యోగాలిచ్చేవాళ్ళ దగ్గర పన్నెండేళ్ళ అనుభవమంటే నలభై మూడేళ్ళ వయసు, అంతే. ఎనిమిది చోట్ల దరఖాస్తు పెడితే ఒక్క చోట నుంచి, ఒక రిక్రూటర్ ద్వారా, పిలుపొచ్చింది. ఆసుపత్రి పరికరాలు సరఫరా చేసే కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్ పని. గురువారం పదకొండింటికి వీడియో ఇంటర్వ్యూ, అరగంట.

చిక్కల్లా ఇంట్లో నెట్‌తోనే. వీధి మొగలో డ్రైనేజీ కోసం తవ్వి కేబుల్‌ని పీకి పాకాన పెట్టారు. అరగంటకి రెండు మూడు సార్లు మోడెం మీద ఎర్రలైటు. ఫోన్ చేస్తే, శుక్రవారం బాగుచేస్తామన్నారు.

"రిక్రూటర్‌కి ముందే చెప్పేస్తాను," అంది మంగళవారం సాయంత్రం.

మరిది పైవాటాలో ఉంటాడు, కొరియర్ కంపెనీలో పని. "చెప్పకు వదినా. పెళ్ళికి ముందే అలిగే రకమనుకుంటారు. పోతే పోయినప్పుడు చూసుకోవచ్చు."

"పోయాక చెబితే సాకంటారు. ముందు చెబితే సమాచారం. స్టాకు అయిపోయాక చెప్పే స్టోర్‌కీపర్ని ఎవరైనా ఉంచుకుంటారా?"

"అయితే కానీ. నేను రాసిపెడితే ప్రేమలేఖలా ఉంటుంది, నువ్వే రాయి."

గంటసేపు కూర్చుని రాసింది. క్షమాపణలు రెండుసార్లు పెట్టి, రెండూ కొట్టేసింది. చివరికి వెళ్ళిన మెయిల్ ఇది:

"నమస్కారం. గురువారం ఇంటర్వ్యూకి నేను సిద్ధం. మా వీధిలో తవ్వకాల వల్ల ఇంటర్నెట్ మధ్యమధ్య ఆగిపోతోంది, శుక్రవారానికి గానీ బాగవదు. వీలైతే శనివారానికి మార్చగలరా? వీలుకాకపోతే నా ఏర్పాటు ఇది. ఇంటి నెట్ పోతే వెంటనే నా ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి అదే లింకులో మళ్ళీ చేరతాను. అదీ కుదరకపోతే ఈ కింది నంబరుకి కాల్ చేయండి, మాటలతో కొనసాగిద్దాం. ఈ సంగతి ప్యానెల్‌కి ముందుగా తెలియజేయగలరు."

కింద నంబరు. ఆవిడకున్న ఒకే ఒక్క నంబరు.

రిక్రూటర్ ఒక ఏజెన్సీలో పనిచేసే చురుకైన పిల్ల. బుధవారం పొద్దున్నే ఫోన్ చేసింది. "మేడమ్, ప్యానెల్‌కి గురువారం తప్ప కుదరదండి. మీ ప్లాన్ మాత్రం చాలా క్లియర్‌గా ఉంది. ఎవరూ ఇంత ముందుగా చెప్పరు. ప్యానెల్‌కి పంపేశాను, సరేనన్నారు. మీరు కట్ అయితే నేనే కాల్ చేస్తాను."

స్టోరక్కకి కాస్త ఊపిరి అందింది. ఆ రాత్రి మరిది పైవాటా నుంచి వీడియోలోకొచ్చి, ఆడిటర్‌లా మొహం పెట్టి, "మీ బలహీనత ఏమిటి?" అని అడిగాడు. "మా మరిది," అంది. ఇరవై నిమిషాలు హాట్‌స్పాట్ మీద బొమ్మ చెక్కుచెదరలేదు. పరీక్ష పాసయిందనుకున్నారు. ఆ ఇరవై నిమిషాల్లో ఆ ఫోన్‌కి ఎవరూ కాల్ చేయలేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

గురువారం సెలవు పెట్టింది. మరిది పనికి పోయాడు. అత్తగారు పక్కగదిలో తలుపు వేసుకుని కూర్చుంది, దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటానని మాటిచ్చి. పదకొండయ్యేసరికి తెర మీద ఇద్దరు: ఒక మేనేజరు, ఒక హెచ్చార్ ఆవిడ. గడువు తేదీలున్న సరుకు ఎలా పెడతారని మేనేజరు అడిగాడు. ముందు గడువు తీరేది ముందు వరసలో పెడతానంటూ ఎత్తుకుంది. ఆయన తలూపాడు, ఏదో రాసుకున్నాడు. పదకొండూ తొమ్మిదికి ఎర్రలైటు.

ఆవిడ కంగారు పడలేదు. అనుకున్నదే. హాట్‌స్పాట్ ఆన్ చేసింది, లింకు నొక్కింది, తెర తెరుచుకుంటోంది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. రిక్రూటర్. ఫోన్ మోగగానే లాప్‌టాప్‌లో బొమ్మ బిగుసుకుపోయింది. ఆ పాత ఫోన్‌కి మాటా డేటా రెండూ ఒకేసారి చేతకావు. కాల్ వస్తే హాట్‌స్పాట్ పడిపోతుంది.

కాల్ కట్ చేసింది. నెట్ తిరిగి రావడానికి అర నిమిషం. లింకు నొక్కింది. "దయచేసి వేచి ఉండండి, మిమ్మల్ని త్వరలో లోపలికి అనుమతిస్తారు." అనుమతించారు. మేనేజరు మొహం కనిపించింది, "వినబడుతోందా అండీ" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోగా ఫోన్ మళ్ళీ మోగింది.

అక్కడ ప్యానెల్ "మళ్ళీ కట్టయింది" అని మెసేజ్ పెట్టడం, ఒప్పుకున్న ప్రకారం రిక్రూటర్ కాల్ చేయడం, ఆ కాల్‌తో ఇక్కడ మళ్ళీ కట్టవడం. అందరూ ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేస్తున్నారు. ఎవరో ఒకరు బద్ధకించి ఉంటే ఇంటర్వ్యూ సాగిపోయేది.

మూడోసారి కాల్ ఎత్తింది. "అమ్మా, దయచేసి కాల్ చేయకండి. మీ కాల్ వల్లే నా నెట్ పోతోంది."

"అయ్యో, మీరే కదండీ చేయమన్నారు."

"నేనే అన్నాను. మళ్ళీ మళ్ళీ చేరుతుంటే టైమంతా పోతోంది, పోనీ ఇలాగే ప్యానెల్‌ని లైన్లోకి కలపగలరా?"

"మేనేజర్ గారి నంబరు నా దగ్గర లేదండి. హెచ్చార్ మేడమ్‌ని అడుగుతాను, ఒక్క నిమిషం."

ఆ నిమిషంలో ఆవిడ చేతికి చేయదగిన పనేదీ లేదు. ఫోన్ పెట్టేస్తే మాట పోతుంది, పెట్టేయకపోతే వీడియో రాదు. చెవి దగ్గర పాట, ఎదురుగా గిరగిరా తిరిగే గుండ్రం గీత, మోడెం మీద ఇంకా అదే ఎర్రలైటు. నిమిషం ఏడు నిమిషాలయింది. "పదకొండున్నరకి వాళ్ళకి ఇంకో అభ్యర్థి ఉన్నారట మేడమ్. మళ్ళీ పెట్టగలరేమో అడుగుతాను," అంది రిక్రూటర్, గొంతు తగ్గించి.

అత్తగారు తలుపు తీసింది. "అయిపోయిందా అమ్మాయ్? తొందరగా తేల్చారే."

జరిగింది చెప్పింది. అత్తగారు ఆలోచించి, బొడ్లోంచి బటన్ల ఫోన్ తీసింది. "ఆ కాల్ చేసే నంబరేదో నాది ఇవ్వకపోయావా? పొద్దస్తమానం ఖాళీగానే ఉంటుంది కదా ఇది."

స్టోరక్క ఆ ఫోన్ వంక చూసింది. ప్రతి వస్తువుకీ వేరే అర కేటాయించే మనిషి, రెండు ఏర్పాట్లని ఒకే అరలో తోసింది. "తోచలేదు అత్తయ్యా," అంది.

శుక్రవారం కేబుల్ బాగుచేశారు. చెప్పిన రోజుకే వచ్చారు, అదొక విడ్డూరం. సోమవారం మధ్యాహ్నం గోదాములో పెట్టెల మీద చీటీలు అంటిస్తుంటే రిక్రూటర్ ఫోన్ వచ్చింది.

"సారీ మేడమ్. రెండో రౌండ్‌కి ఇద్దర్ని తీసుకున్నారట. మీ తొమ్మిది నిమిషాలూ బాగున్నాయన్నారు. కానీ తొమ్మిది నిమిషాలకి మార్కులు వేయలేమన్నారు."

"ఒక్కమాట అడుగుతాను. నెట్ సరిగా లేనివాళ్ళకి మీరు మామూలుగా ఏం చేస్తారు?"

"మా ఆఫీసులో చిన్న గది ఉందండి, కేబుల్ కనెక్షన్‌తో. అలాంటివాళ్ళని అక్కడికి వచ్చి కూర్చోమంటాం."

"నాకు చెప్పలేదే."

"మీకు ప్లాన్ ఉంది కదా మేడమ్. ఏ ప్లానూ లేనివాళ్ళకే చెబుతాం."

ఆఫీసు ఎక్కడని అడిగింది. ఆవిడ ఇంటి నుంచి రెండు బస్‌స్టాపులు. నడిచినా పావుగంట. "ఈసారి ఏదైనా వస్తే ఆ గదే పెడదాం మేడమ్," అంది రిక్రూటర్. ఈసారి ఎప్పుడని అడిగితే, చెప్పలేనంది. అందులో అబద్ధమేమీ లేదు.

స్టోరక్క ఫోన్ జేబులో వేసుకుంది. లోడింగ్ మనిషి వచ్చి, "అక్కా, ఈ వరస కూడా లారీకి ఎత్తేయమంటావా?" అని అడిగాడు. చీటీలు సరిచూసి, ఎత్తేయమంది.