మూడు వందల అరవైతో భాగించిన వడ్డీ

ఆ శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దున దాకా నేను ఎక్కడా కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. ప్రార్థనకు మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. లేచి బల్ల మీది కాగితాలు సర్దేవాణ్ణి, మళ్ళీ మోకరించేవాణ్ణి. మనసులో ఒకే ఒక ప్రశ్న తిరిగేది: ఆమె తీసుకుందా, లేదా?

ఆమె మా చర్చి సంఘంలో పొదుపు నిధి చూసే అక్క. నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, మేమంతా ఉండే హెబ్బగోడిలోనే చిన్న ఇల్లు కట్టుకుంది. ఆ నిధి మా సంఘంవాళ్ళదే. నర్సులు, ఫ్యాక్టరీ కార్మికులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు నెలనెలా తలా కొంత వేసుకుంటారు. అవసరమైనవాళ్ళు అప్పు తీసుకుని వడ్డీతో తీరుస్తారు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఓ మూల బల్ల వేసుకుని కూర్చుని రసీదులు రాస్తుంది. వడ్డీ మాత్రం కంప్యూటర్ చెబుతుంది. అప్పు తీసుకున్న తేదీ, కట్టే తేదీ, అసలు కొడితే చాలు, ఎంతో అదే చూపిస్తుంది. కంప్యూటర్‌లోని ఆ లెక్కల షీటు నాలుగేళ్ళ కిందట నేనే తయారుచేసి ఇచ్చాను. బొమ్మసంద్రలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి, ఆ పని నాకు వచ్చు అని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

గొడవ మొదలుపెట్టింది ఫ్యాక్టరీలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే ఒక తమ్ముడు. అనంతపురం వైపు మనిషి. మార్చి ఒకటిన లక్షా యాభై వేలు తీసుకుని, మే పదమూడున మొత్తం తీర్చేశాడు. వడ్డీ మూడువేల ఆరు వందల యాభై కట్టి రసీదు తీసుకున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి, తెలిసిన బ్యాంకు ఉద్యోగిని అడిగాడట. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, పాస్టరుగారి ముందు నిలబడి గట్టిగానే అన్నాడు:

"అయ్యగారూ, నా దగ్గిర యాభై రూపాయలు ఎక్కువ తీసుకోనుండారు. బ్యాంకాయన మూడువేల ఆరునూర్లే అయితాది అన్న్యాడు. యాభై పెద్దది కాదప్పా. అందరి దగ్గిరా ఇట్లే తీసుకోనుంటే?"

ఎవరో వెనక నుంచి, "నీకు యాభై పోతే ప్రాణం పోతాదిలే, కానుకల పెట్టెలో ఎప్పుడన్నా వేసినావా?" అన్నారు. కొంతమంది నవ్వారు. అతను నవ్వలేదు.

"వేసింది దేవునికి. ఇది ఎవరికో నాకు తెలవాల," అన్నాడు.

అక్క ఆ రోజు రాలేదు. లేని మనిషి మీద మాట పడింది. ఆదివారం ఆరాధన తర్వాత నిధి సభ్యుల కూటం పెడదామని, ఈలోగా నన్ను లెక్క చూడమని పాస్టరుగారు చెప్పారు. అందరూ వెళ్ళాక నన్ను పక్కకు పిలిచి, "మీకేమనిపిస్తోంది?" అని మెల్లగా అడిగారు.

నేను అన్నది ఈ రోజుకీ నాకు గుచ్చుకుంటుంది. "ఏమో అయ్యగారూ, మొన్ననే ఇంటి పైన రేకులు తీసి స్లాబు వేయించింది. పెన్షన్ ఎంత వస్తుందో మరి," అన్నాను.

అంతే. అంతకంటే ఏమీ అనలేదు. కానీ బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను పిల్లలకు కంఠతా పట్టించినవాణ్ణి. అబద్ధం నేను చెప్పలేదు గదా, స్లాబు వేయించిన మాట నిజమే గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది నా మనస్సాక్షికి సరిపోలేదు.

శనివారం పొద్దున పదింటికే అక్క ఇంటికి వెళ్ళాను. అప్పటికే ఆమెకు కబురు చేరిపోయింది. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"వందనాలు అక్కా."

"వందనాలు తమ్ముడూ. రసీదు పుస్తకాలా, బ్యాంకు పుస్తకమా, ముందు ఏది కావాలి?"

"రెండూ."

ఆమె నా ముందు అన్నీ పెట్టి, వంటగదిలోకి వెళ్ళి చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. నేను నాలుగేళ్ళ రసీదులు కూడుతూ, బ్యాంకులో వేసిన మొత్తాలతో సరిపోల్చుకుంటూ పోయాను. మధ్యాహ్నం అయ్యేసరికి సంగతి తేలింది. వసూలైన ప్రతి రూపాయీ బ్యాంకుకు చేరింది. ఒక్కటీ తక్కువ కాలేదు. అంటే ఆ యాభై ఆమె దగ్గర లేదు, నిధిలోనే ఉంది. సంతోషించాల్సింది. కానీ ఆమె తీసుకోకపోతే మరి ఎక్కువ ఎందుకు వచ్చింది?

నిధి నిబంధనల పుస్తకం తీశాను. మొదటి పేజీలోనే ఉంది: ఏడాదికి పన్నెండు శాతం, వాడుకున్న రోజులకు, ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజుల చొప్పున. ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముడి రసీదు పక్కన పెట్టుకున్నాను. లక్షా యాభై వేలకు ఏడాది వడ్డీ పద్దెనిమిది వేలు. మార్చి ఒకటి నుంచి మే పదమూడుకు డెబ్భై మూడు రోజులు. అది ఏడాదిలో సరిగ్గా అయిదో వంతు. పద్దెనిమిది వేలలో అయిదో వంతు మూడువేల ఆరు వందలు. బ్యాంకాయన చెప్పింది నిజం.

మరి కంప్యూటర్ చెప్పిన మూడువేల ఆరు వందల యాభైని డెబ్భై మూడుతో భాగించాను. రోజుకు సరిగ్గా యాభై. పద్దెనిమిది వేలను ఎంతతో భాగిస్తే యాభై వస్తుంది?

మూడు వందల అరవైతో.

వెంటనే అక్క కంప్యూటర్ తెరిచి, వడ్డీ చూపించే గడి మీద నొక్కాను. నేను రాసిన సూత్రం బయటపడింది. చివర 360 అని ఉంది.

ఎందుకు అలా రాశానో కూర్చున్నచోటే గుర్తొచ్చింది. మా ఇంట్లో వడ్డీ అంటే ఎప్పుడూ నూటికి రూపాయి, నెలకు. నెల అంటే ముప్పై రోజులు. పైగా ఆ ఏడాదంతా నేను ఆదివారం సాయంత్రాలు ప్రవచన పాఠాలు చెప్పేవాణ్ణి. బైబిల్లో చెప్పిన నలభై రెండు నెలలంటే పన్నెండు వందల అరవై దినాలని, అంటే నెలకు ముప్పై, ఏడాదికి మూడు వందల అరవై అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. షీటు తయారుచేసేటప్పుడు చెయ్యి అదే రాసేసింది. ఒక్కసారి కూడా నిబంధనల పుస్తకం తెరవలేదు.

నిజానికి మా ఇంటి లెక్క పూర్తిగా వాడినా తప్పు వచ్చేది కాదు. మార్చి ఒకటి నుంచి మే పదమూడు అంటే రెండు నెలల పన్నెండు రోజులు. నెలకు పదిహేను వందల చొప్పున మూడు వేలు, పన్నెండు రోజులకు ఆరు వందలు. అదీ మూడువేల ఆరు వందలే. నేను చేసిన పాడు పని ఏమిటంటే, రోజులు క్యాలెండర్ ప్రకారం ఒక్కొక్కటీ లెక్కపెట్టించి, ఏడాదిని మాత్రం అయిదు రోజులు పొట్టి చేశాను. ముప్పై ఒకటో తేదీకీ వడ్డీ పడింది, నేను భాగించిన ఏడాదిలో మాత్రం ఆ తేదీయే లేదు.

"అక్కా," అని పిలిచాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గడి చూపించాను. భాగహారం చేసి చూపించాను. నర్సు కదా, మందుల మోతాదు లెక్కకట్టిన మనిషి, రెండుసార్లు చెప్పాల్సిన పని లేకపోయింది.

"అంటే ఇది నీది."

"నాదే."

"నేను కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు రాశాను. నాలుగేళ్ళు."

"అవునక్కా." అక్కడితో ఆగితే సరిపోయేది. లోపల ఏదో ఆగనివ్వలేదు. "ఇంకొకటి ఉంది. శుక్రవారం నేను పాస్టరుగారితో మీ స్లాబు సంగతి అన్నాను. డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో అన్నట్టుగా."

 బయట వాన మొదలై, ఆ కొత్త స్లాబు మీద చప్పుడు లేకుండా పడుతోంది.

"మా సొంత తమ్ముడు గుంటూరులో ఆస్తిలో నా వాటా అమ్మి పంపిన డబ్బది. నిన్ను అడగమని ఎవరూ చెప్పలేదు గాని, అడిగి ఉంటే చెప్పేదాన్ని." నిబంధనల పుస్తకం మూసి, "రేపు కూటంలో రెండోది కూడా చెబుతావా?" అంది.

"చెబుతాను."

"చూద్దాం."

ఆ మధ్యాహ్నమంతా తిరిగి చెల్లించాల్సిన లెక్క చూశాను. డెబ్భై రెండు రావాల్సిన చోట డెబ్భై మూడు వచ్చింది, అంటే తీసుకున్న వడ్డీలో ప్రతి డెబ్భై మూడు రూపాయలకూ ఒక రూపాయి ఎక్కువ. నాలుగేళ్ళలో వసూలైన వడ్డీ నాలుగు లక్షల ముప్పై ఎనిమిది వేలు. ఎక్కువ తీసుకున్నది ఆరు వేలు. నాలుగేళ్ళకు, ఇంతమందికి, ఆరు వేలు. ఆ ఆరు వేల కోసం ఒక మనిషి పేరు రెండు రోజులు హెబ్బగోడి సందుల్లో నలిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కూటంలో లేచి నిలబడి లెక్క అంతా చెప్పాను. షీటు నాదని చెప్పాను. పైసా కూడా అక్క చేతిలో ఆగలేదని చెప్పాను. అక్కడ ఒక్క క్షణం ఆగాను. జనం అప్పటికే ఊపిరి పీల్చుకుని కుర్చీల్లో కదులుతున్నారు, పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు లేవబోతున్నారు. ఎవరూ నన్ను ఇంకేమీ అడగడం లేదు. అక్క మాత్రం తలెత్తి చూసింది.

స్లాబు మాట చెప్పేశాను.

 ఫోర్క్‌లిఫ్ట్ తమ్ముడే ముందు మాట్లాడాడు. "నేను నోరు పారేసుకున్న్యా అందరి ముందరా. నువ్వు గుట్టుగా పారేసుకున్న్యావు బ్రదర్. ఇద్దరమూ ఒకటే లే."

నవ్వు రాలేదు ఎవరికీ. అతను అక్క దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. "అక్కా, తప్పు నాది."

"నీ లెక్క తప్పు కాదు," అంది అక్క. "నీ మాట తప్పు. కూర్చో."

నేను జేబులోంచి కవరు తీశాను. ఆరు వేలు పొద్దున్నే తెచ్చుకున్నాను. "ఇది నా నుంచి..." అనబోయాను. ఇచ్చేస్తే ఆ బరువు దిగిపోతుందని నా ఆశ.

అక్క కవరు ముట్టుకోలేదు. "నీ జేబులోంచి ఇస్తే అది నీ దానం. నా పుస్తకంలో తప్పు తప్పుగానే ఉండిపోతుంది. డబ్బు నిధిలోకి వచ్చింది, నిధి నుంచే పోవాలి. ఒక్కొక్కరి పేరుకూ, ఒక్కొక్క రసీదుకూ. వాళ్ళ సంతకాలు కావాలి నాకు."

"అన్ని రసీదులా అక్కా?"

"అన్నీ. ఊరు మారి వెళ్ళినవాళ్ళవి కూడా. మారతహళ్ళికి వెళ్ళిన ఆ ఇద్దరు అమ్మాయిలవీ. ఎందుకు తిరిగి వస్తోందో ప్రతి రసీదు మీదా నువ్వే రాయి."

ఆ మధ్యాహ్నం పాస్టరుగారి భార్య తెచ్చిన టీ చల్లారిపోతుంటే మొదటి రసీదు రాశాను. కారణం దగ్గర, కంప్యూటర్ పొరపాటు అని రాశాను. అక్క దాన్ని చదివి చింపేసింది.

"కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?" అంది, ఇంకో కాగితం నా ముందుకు తోసి.

ఆ కాగితం మీద నా పేరు రాశాను. తర్వాతి మూడు ఆదివారాలు కూడా అదే రాశాను.