వారం గడువు అడిగిన మెయిల్

గురువారం పొద్దున జనగామలో మా ముందుగదిలో కూర్చుని నేను దిద్దుతున్నది కోత మిషన్ల వెబ్‌సైటు. వరి కోతకు వచ్చినప్పుడు రైతు ఇంట్లోనే ఉండి ఫోన్‌లో మిషను బుక్ చేసుకోవచ్చు. మిషన్లు ఇద్దరివి. నాకీ పని అప్పగించిన మహబూబాబాద్ భాయ్‌వి నాలుగు, భూపాలపల్లిలో ఉండే ఆయన భాగస్వామివి రెండు. సైటు సోమవారం మొదలు. భాయ్ అప్పటికే పాలకుర్తి నుంచి కొత్తగూడ దాకా ఆటోకు మైకు కట్టి చాటింపు వేయించాడు.

నేను కంప్యూటర్ చదువు చదవలేదు. పదకొండేళ్లు ఒక జిరాక్స్ షాపులో భూమి పహాణీల కోసం దరఖాస్తులు టైపు చేశాను. నలభై దాటాక వీడియోలు చూసి కోడ్ రాయడం నేర్చుకున్నాను. జనగామ బయట నాకు దొరికిన మొదటి పని ఇదే.

ఆ పొద్దున పరీక్ష కోసం ఒక రైతు పేరు మీద రెండు వరి పొలాలు చేర్చాను. ఒక్కొక్కటి 1.30. మొత్తం 2.6 ఎకరాలని స్క్రీన్ చూపించింది. అది తప్పు లెక్క.

మా దగ్గర 1.30 అంటే ఎకరం ముప్పై గుంటలు. నలభై గుంటలు ఎకరం. రెండు పొలాలు కలిపితే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర. ఎకరానికి గంట అని భాయ్ చెప్పిన లెక్క. సైటు రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు ఇస్తోంది, పడేది మూడున్నర గంటలు. తేడా యాభై నాలుగు నిమిషాలు. ఇలాంటి రైతులు ముగ్గురు ముందుంటే నాలుగో రైతు రెండు గంటల నలభై రెండు నిమిషాలు ఎదురుచూడాలి. ఈలోగా పొద్దు గూకి మంచు పడితే ఆ రోజుకు కోత లేదు.

నిజం చెప్పాలంటే నాకు ముందు భయం వేయలేదు. సంతోషమే కలిగింది. ఇంకా ఎవరి పొలంలోనూ మిషను దిగకముందే దొరికింది! లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. చిన్నప్పటి నుంచి గుంటల్లో లెక్క కట్టినదాన్ని, పదకొండేళ్లు గుంటలే టైపు చేసినదాన్ని, కోడ్ రాసేటప్పుడు మాత్రం వీడియోలో చెప్పినట్టు దశాంశాల గడి పెట్టేశాను.

ఒక్క సూత్రం రాసి అన్నీ మార్చేద్దామనుకున్నాను. కుదరలేదు. భాయ్ డ్రైవర్లు ఊరూరా తిరిగి 186 మంది భూమి వివరాలు నేరుగా ఫోన్‌లోనే కొట్టారు, కాగితం లేదు. రెండెకరాల ఇరవై గుంటలకు 2.20 అని కొడితే చివరి సున్నాకు విలువ లేదని కంప్యూటర్ దాన్ని 2.2గా దాచుకుంది. రెండెకరాల రెండు గుంటలకు 2.2 అని కొట్టినా అదే. ఇక 2.5 అంటే రెండున్నరా, రెండెకరాల ఐదు గుంటలా? రైతును అడిగితే తప్ప తెలియదు. ఒక్కొక్కటీ చూశాను. సందేహం లేనివి 125. ఫోన్ చేయాల్సినవి 61.

రోజులు లెక్కేశాను. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి చేయడానికి రెండు. ఫోన్లకు మూడు. డ్రైవర్ల ఫోన్లలో పరీక్షకు ఒకటి. అనుకోనిదానికి ఒకటి. మొత్తం ఏడు. ఈ సోమవారానికి నాలుగే ఉన్నాయి, వచ్చే సోమవారం దాకా ఆగాల్సిందే.

తేదీల మాట ఏదైనా మెయిల్‌లోనే ఉండాలని పని ఒప్పుకున్న రోజే అనుకున్నాం. భూపాలపల్లి ఆయన రాతలో ఉన్నదే నమ్ముతాడు. రాయడానికి కూర్చున్నాను. మొదటి చిత్తు పేజీన్నర అయింది. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చదివాడు.

"గిది మెయిలా, ఎమ్మార్వోకు పెట్టే దరఖాస్తా? క్షమించమని ఎన్నిసార్లు రాసినవ్?"

లెక్కపెట్టాను. "నాలుగు."

"సర్వర్ డౌన్ అని ఒక్క ముక్క రాయరాదూ. అందరు గదే అంటరు, ఎవ్వరడగరు."

"సర్వర్ మంచిగనే ఉంది. తప్పు నాది."

"అయితే జల్ది చెప్పు. సదివేటోనికి కోపం రాకముందే అయిపోవాలె."

ఆ మాట పట్టుకుని అంతా చెరిపేసి మళ్లీ రాశాను.

"నమస్తే. మన సైటును ఈ సోమవారం బదులు వచ్చే సోమవారం మొదలుపెట్టడానికి అనుమతి కోరుతున్నాను. గుంటలను నేను దశాంశాలుగా తీసుకున్నాను. ఈ పొరపాటు నాది. దీనివల్ల ఎకరం ముప్పై గుంటల పొలాలు రెండున్న రైతుకు యాభై నాలుగు నిమిషాలు తక్కువ పడుతోంది. 186 మందిలో 61 మందికి ఫోన్ చేసి విస్తీర్ణం మళ్లీ అడగాలి. ఆ పని నేనే చేస్తాను. ఏ రోజు ఏం చేస్తానో కింద రాశాను. రోజూ సాయంత్రం ఎంత పూర్తయిందో మెయిల్ పెడతాను. ఈలోగా బుకింగ్‌లు ఎప్పటిలాగే ఫోన్‌లో తీసుకోగలరు. చాటింపు వేయించాక ఈ మాట చెప్పాల్సి వచ్చినందుకు క్షమించండి."

క్షమించండి ఒక్కటే మిగిలింది. పంపాను.

ఇరవై నిమిషాలకు భాయ్ ఫోన్.

"అక్కా, ఏందిది? మైకుల చెప్పిచ్చిన, ఊర్లన్ని తిరిగిన. ఇప్పుడు ఏం ముఖం పెట్టుకొని పోవాలె?"

"భాయ్, మిషను రెండు గంటలు లేటొస్తే అప్పుడేం ముఖం పెట్టుకుంటరు?"

ఆయన నవ్వాడు, కానీ వెంటనే గొంతు తగ్గించాడు. "నాకు సమజైంది. మా భూపాలపల్లి ఆయనకు అయితలేదు. ఒక్క చుక్కకు వారమా అంటుండు. సోమవారం కాకుంటే హైదరాబాద్ కంపెనీకి ఇద్దమంటుండు. జర ఆగు, ఆయన్ని కలుపుతున్న."

ఆ కొత్త గొంతు నమస్తే కూడా చెప్పలేదు. "మేడం, రెండు పాయింట్ ఐదంటే రెండున్నర. చిన్న పిల్లలకు గుడ తెలుసు."

"మీరే చూడండి సార్. 2.5 అని ఉన్నోళ్లల్ల ఇద్దరికి ఇప్పుడే, మీరు లైన్ల ఉండంగనే చేస్త. జాబితాల ఎన్నో పేరుకు చెయ్యాల్నో మీరే చెప్పండి."

"సరే. మూడో పేరు, తొమ్మిదో పేరు."

ఇద్దరూ రెండున్నర అంటే నా మొదటి పని అక్కడితో సరి. ముందుగా మూడో పేరు, పాలకుర్తి దగ్గరి రైతును లైన్లో కలిపాను.

"అన్నా, కోత మిషను సైటు నుంచి. మీ పొలం ఎంత?"

"రెండున్నర. మొన్ననే చెప్పిన గదా, మల్ల ఏంది?"

ఆ రైతు ఫోన్ పెట్టగానే భూపాలపల్లి ఆయన అందుకున్నాడు. "ఇన్నవా భాయ్? కంప్యూటర్ కరెక్టే ఉన్నది."

నేను తొమ్మిదో నంబరు కొట్టాను. కొత్తగూడ వైపు. ఆరు రింగుల తర్వాత ఒక ముసలావిడ ఎత్తింది.

"అవ్వా, మీ వరి పొలం ఎంతుంటది?"

"రెండెకరాల ఐదు గుంటలు, బిడ్డా."

"రెండున్నర కాదా, అవ్వా?"

"రెండున్నర యాడిది? ఐదు గుంటలే. అండ్ల గుడ ఒక గుంట బండనే. మిషనోనికి చెప్పు, బండ మీదికి ఎక్కియ్యొద్దని."

భాయ్ పగలబడి నవ్వాడు. నేను మాత్రం అప్పటికే లెక్కలో ఉన్నాను. పదిహేను గుంటల తేడా, ఇరవై రెండున్నర నిమిషాలు. ఒకే అంకె, రెండు పొలాలు.

ఈసారి అడిగింది భూపాలపల్లి ఆయన. "మేడం, బండ రాసుకునేతందుకు గుడ ఒక గడి పెడతరా?"

"పెడత సార్. అనుకోనిదానికని ఒక రోజు ఉంచిన."

"అయితే వచ్చే సోమవారం. మెయిల్‌ల రాసి పంపుత."

పావుగంటలో జవాబు వచ్చింది. ఒకటే వాక్యం: వారం గడువుకు అంగీకారం, బండకు ఒక గడి ఉండాలి. మా ఆయనను పిలిచి చూపించాను.

"ఎన్ని ఫోన్లు మిగిలినయ్?" అన్నాడు.

"యాభై తొమ్మిది."

ఆయన తన ఫోన్ కూడా తెచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. జాబితాను సగం చేశాను. ముప్పై నాకు, ఇరవై తొమ్మిది ఆయనకు.