సోడా తగలని గుళికలు

నీళ్ళక్క మెడ పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరగాలి. పుట్టినప్పటి నుంచి తాగిన బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వెన్నును కర్రలా బిగించేసింది. "దొంగచూపులు చూసే యోగం లేదు నాకు" అని తనమీద తానే హాస్యమాడేది. మనవరాలికి ఆ గతి పట్టకూడదనే, వీధి చివరి గదిలో వడపోత డ్రమ్ము పెట్టినప్పుడు దాని బాధ్యత అడిగి మరీ తీసుకుంది.

డ్రమ్ము నిండా తెల్లటి అల్యూమినా గుళికలు. నీళ్ళు వాటి మధ్య నుంచి మెల్లగా దిగుతుంటే ఫ్లోరైడ్ వాటికి అంటుకుపోతుంది. ఆర్సెనిక్ ఉన్న ఊళ్ళలోనూ ఇలాంటివే వాడతారట. కొన్నాళ్ళకు గుళికలకు ఇక పట్టే శక్తి ఉండదు. అప్పుడు కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, కడిగి, పలచటి ఆసిడ్‌తో ఆ సోడా ఘాటు విరిచి, మళ్ళీ కడగాలి. ఆ పని నీళ్ళక్క అన్నయ్య చూసుకునేవాడు. పెరట్లో చేసి తెచ్చేవాడు.

"మా అన్నయ్య చెయ్యి పడితే కొత్తవే అనుకోండి" అని ఆమె ఇంటింటికీ పూచీపడింది.

మనవరాలికి పాలపళ్ళు ఊడి ముందుపళ్ళు వచ్చాయి. వాటి మీద సుద్దముక్కతో గీసినట్టు చారలు, ఫ్లోరైడ్ పళ్ళ మీద వేసే గుర్తు. పసితనం నుంచీ ఆ డ్రమ్ము నీళ్ళు తప్ప వేరే ఎరగదు ఆ పిల్ల.

నీళ్ళక్క నీళ్ళు పరీక్షించే అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి గాజుగొట్టంలో డ్రమ్ము నీళ్ళు పోసి మందుచుక్కలు వేసింది. మంచినీళ్ళయితే గులాబీ రంగు నిలవాలి. పసుపుకు తిరిగింది.

"రుచిలో తెలీదు పిన్నీ. ఈ గుళికలకి సోడా తగిలి ఎన్నేళ్ళయిందో!"

నీళ్ళక్క తిన్నగా అన్న పెరట్లోకి వెళ్ళింది. సోడా డబ్బాలు మూత విప్పకుండా వరసగా ఉన్నాయి. పక్కనే సిమెంటు తొట్టి, కప్పు మీది వాననీళ్ళు అందులోకి దిగేలా గొట్టం.

"ఏంటన్నయ్యా ఇది?"

"ఒకసారి చేతులు కాలాయే. అప్పట్నుంచి ఉత్త నీళ్ళతో కడిగి ఎండబెడుతున్నా. తెల్లగానే ఉన్నాయిగా! ఎవరైనా ఒక్క మాటన్నారా?"

"మరి ఈ తొట్టి?"

అన్న వదిన వైపు చూశాడు. వదినే అంది. "కోడలు కడుపుతో ఉన్నప్పుడు కట్టించారు. వాననీళ్ళలో ఫ్లోరైడ్ ఉండదుగా, ఎందుకైనా మంచిదని."

"ఆ మంచిదేదో నీ గుమ్మం దాటకూడదా అన్నయ్యా?"

"బయట అనకే. పూచీపడింది నువ్వు. ముందు నిన్నే నిలదీస్తారు."

గదికి తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. ఆమె కొళాయి కట్టేసి ఉన్నదున్నట్టు చెప్పింది. పక్కింటావిడ బిందెలోని నీళ్ళు గడపలోనే గుమ్మరించింది.

"నీ మొహం చూసి పోశానే మా పిల్లలకి."

పరీక్ష చేసే అమ్మాయి అక్కడే వేరే దారి చూపించింది. బకెట్టు నీళ్ళలో సున్నం, పటిక తగుపాళ్ళలో కలిపి, గిలకొట్టి, మడ్డి అడుక్కి దిగాక పైనీళ్ళు వంచుకోవాలి. నీళ్ళక్క బిగుసుకుపోయిన నడుముతోనే కలిపింది. తేరిన నీళ్ళలో చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలిచింది. గొట్టం పైకెత్తి అందరికీ చూపించింది.

ఒక్క బిందె కూడా ముందుకు రాలేదు.