ఆలస్యంగా దొరికిన గొంతు

నీళ్లలో పడి చచ్చిన ఫోన్లలోంచి ఫొటోలు, మాటలు బయటికి తీయడం ఆవిడ పని. అందరూ ఫోనక్క అంటారు. సరిగ్గా వచ్చాయో లేదో ప్రతిదీ విని చూడాలి కాబట్టి, పోయినవాళ్ల గొంతులు ఆవిడ చెవుల్లోనే కాపురం పెట్టాయి.

ఒకాయన, చనిపోయిన తన చెల్లెలి ఫోన్ తెచ్చాడు. విప్పి చూడకుండానే, శుక్రవారం సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చేసింది ఫోనక్క. తీరా చూస్తే లోపలి బోర్డంతా తుప్పు. శుభ్రం చేసి, ఆరబెట్టి, కాలిన ముక్క మార్చేసరికి శనివారం తెల్లారింది. ఫోన్ వెలిగాక మొదటి రికార్డింగు పెట్టగానే ఓ అమ్మాయి గొంతు, "అమ్మా, తిన్నావా?" అంది.

ఆ అన్నకి పంపే మెసేజ్‌లో ఫోనక్క తుప్పు గురించి పెద్ద కథ రాసి, చెరిపేసింది. మళ్లీ రాసింది: "నిన్న సాయంత్రానికి ఇస్తానని ఇవ్వలేకపోయాను. ఆలస్యమవుతుందని ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే, క్షమించండి. రికార్డింగులన్నీ దొరికాయి. ఈరోజు పదకొండుకి నేనే మీ ఇంటికి తెస్తాను. వీలుకాకపోతే ఒక్క ఫోన్ చేయండి."

వెంటనే జవాబొచ్చింది: "అమ్మ నిన్నటి నుంచీ గుమ్మంలోనే కూర్చుంది. రండి."

చెప్పిన వేళకే వెళ్లింది. ముసలామె ఫోన్ చెవికి ఆనించుకుంది.

"అమ్మా, తిన్నావా?"

"ఇంకా లేదే తల్లీ. నువ్వొస్తావని చూస్తున్నా," అంది ముసలామె. కొడుకు గోడవైపు తిరిగిపోయాడు.

ఆ ప్రశ్న ఫోనక్క వెంట ఇంటిదాకా వచ్చింది. ఇప్పటికీ ముద్ద నోట్లో పెట్టుకోబోతే వినిపిస్తుందట.