సిందూరం పొరల్లో మెరుపు

ఇన్నేళ్లుగా నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. గ్యాలరీ కమిటీ మీటింగులో ‘మాస్టారి అభిప్రాయం గమనించాం’ అన్నారు. తరవాత టీ వచ్చింది. అందరికీ సాసరుతో ఇచ్చారు, నాకు మాత్రం ఉత్త కప్పు. అది కూడా నేను మరిచిపోలేదు.

తొంభైల నడుమ సంగతి. భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ బడిలో నేను డ్రాయింగ్ మాస్టారిని. క్లబ్బులో వాడకం లేని రీడింగ్ రూముని చిన్న ఆర్ట్ గ్యాలరీ చేశారు. మ్యూజియం పనిలో కొన్నాళ్లు శిక్షణ పొందినవాణ్ణని కార్డులు రాసే పని నాకిచ్చారు. ఒక్కో వస్తువుకీ ఒక కార్డు. ఎవరు చేశారు, ఎవరి దగ్గరుండేది, వాళ్ల నుంచి ఎవరికి, ఎలా చేరింది, అన్నీ వరసగా రాయాలి. వరసలో ఎక్కడైనా ఖాళీ వస్తే ఖాళీ అనే రాయాలి. ఖాళీ ఉన్నంతమాత్రాన దొంగసొత్తు కాదు. అక్కడ ఆగి అడగాలని మాత్రం అర్థం.

ఒక కాంట్రాక్టరు ఆ గ్యాలరీకి ఒక అమ్మవారిని కానుకగా ఇచ్చాడు. మోకాలెత్తు నల్లరాయి. కూర్చుని, చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, సగం కళ్లు మూసుకుని ఉండేది. ఒళ్లంతా నూనె, సిందూరం గడ్డకట్టి నారింజరంగు తొడుగులా ఉండేది. సాయంత్రాలు ప్లాంటు వెనక కరిగిన స్లాగ్, అంటే ఇనుము తీయగా మిగిలిన మడ్డి, పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడేది. ఆ ఎరుపు కిటికీలోంచి ఆమె మొహం మీద పడి, నెమ్మదిగా జారిపోయేది. ఆవిడ నిద్రలోంచి లేవబోయి మళ్లీ పడుకున్నట్టుండేది. పెన్సిలు పట్టుకుని నేనూ అలాగే ఉండిపోయేవాణ్ణి.

కాంట్రాక్టరు చెప్పిన చరిత్ర ఒక్క వాక్యం. ప్లాంటు రాకముందే వాళ్ల తాత కలకత్తాలో కొన్నాడట, అప్పట్నుంచీ అక్కడే వాళ్లింటి హాల్లో అద్దాల బీరువాలో ఉందట. కొన్న రశీదు లేదు. బీరువాలో ఉండగా తీసిన ఫోటో లేదు. ఇంత పాత విగ్రహాన్ని ప్రభుత్వం దగ్గర ఫోటోతో సహా నమోదు చేయించాలి. ఆ పత్రం పోయిందన్నాడు. పోతే నకలు అడగొచ్చు కదా అన్నాను.

గ్యాలరీ సెక్రటరీ బొబ్బిలివైపు మనిషి, ప్లాంటులో ఆఫీసరు. ఆయన నవ్వాడు. “ఏటండీ మాస్టారూ, కార్డు రాయమంటే పెళ్లిసంబంధానికి ఆరా తీస్తన్నట్టు తీస్తన్నారు?”

“సంబంధానికైతే మూడు తరాలు అడుగుతాం కదండీ. ఈవిడకి ఒక్క తరానికీ సాక్ష్యం లేదు.”

“పెద్దమనిషి మాటే సాక్ష్యం. రాసీండి.”

నేను రాయలేదు. విగ్రహాన్ని మెత్తటి గుడ్డ మీద పక్కకి ఒరిగించి అడుగు చూశాను. అడుగున రాయి లేతరంగులో, కొత్తగా ఉంది. దాని మీద యంత్రపు రంపం తిరిగిన వంపుగీతలు. పక్కల మీది సిందూరం తొడుగు ఆ అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. అంటే పూజలు ముందు, కోత తరవాత. అంతేకాక ఒడి మధ్యలో రాయి గుంటపడి, అరిగి నున్నగా ఉంది. అద్దాల బీరువాలో ఉన్నవాళ్ల ఒడి ఎందుకు అరుగుతుంది?

ఒరిగించేటప్పుడు తొడుగు ముక్క ఒకటి ఊడి నా చొక్కా మీద పొడిపొడిగా రాలింది. మిగిలిన ముక్కని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఇల్లు ప్లాంటు పక్కనే, ఖుర్సీపార్ వాడలో. చొక్కా ఉతకబోతూ మా ఆవిడ కేకేసింది.

“ఏటండీ ఇది? ఇంకా ఉతకనేలేదు, డాబా మీద ఆరెయ్యనేలేదు. అప్పుడే మెరుపులొచ్చేశాయేటి?”

ప్లాంటులో కరిగిన ఇనుము పోస్తున్నప్పుడు సన్నటి గ్రాఫైటు రేకులు పైకి లేస్తాయి. గాలివాటున వచ్చి మా బట్టల మీదా, అప్పడాల మీదా, పిల్లల తలల మీదా మెరుస్తూ వాలేవి. ఆ వాడలో పుట్టిన పిల్లలు వెండిపొడి ఆకాశంలోంచే పడుతుందనుకునేవారు. నేను కాగితం విప్పి, ముక్కని భూతద్దం కింద పెట్టాను. సిందూరం పొర, మెరుపు, మళ్లీ సిందూరం, మళ్లీ మెరుపు. పైపైన కాదు, లోపలి పొరల దాకా ఉంది. చాలాసేపు దానిలోకే చూస్తూ ఉండిపోయాను. రాత్రి చుక్కల్ని ఎవరో పొరలుపొరలుగా మడతపెట్టి దాచినట్టుంది.

ప్లాంటు వచ్చాక, దాని గాలి తగిలేచోట, ఆరుబయట ఈవిడకి ఏళ్లతరబడి పూజలు జరిగాయి. అదే సమయంలో కలకత్తా బీరువాలో ఎలా ఉంటుంది?

విగ్రహం ఫోటో తీసుకుని, గాలి వీచే వైపు ఊళ్లకి సైకిలు మీద తిరగడం మొదలెట్టాను. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్లు దాటాక, పొలాలగట్టున ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ మట్టిగద్దె, గద్దె మీద ఎవరూ లేరు. గద్దెలో పాతిన రాతిమొండెం, పైభాగం కోసేయగా మిగిలిన అడుగు, ఒకటి మాత్రం ఉంది. దానికే ఎవరో తాజాగా సిందూరం పూశారు. ఒకామె అక్కడ దీపం పెడుతోంది. ఫోటో చూపించాను. చూడగానే తలమీదికి కొంగు లాక్కుంది.

“ఏ తో హమర్ దాయీ ఆయ్, భయ్యా.” ఇది మా అమ్మే అంది.

విత్తనాలు చల్లేముందు మొదటి గుప్పెడు అమ్మ ఒడిలో పోసి, అందులోంచే తీసుకుని పొలానికి వెళ్తారట. వాళ్ల అత్తగారి అత్తగారి కాలంనుంచీ అదే పద్ధతి. ఒక వానాకాలం తెల్లారేసరికి అమ్మ లేదు. ఠాణాకి వెళ్తే, మీ దేవత షికారుకి వెళ్లుంటుంది, వచ్చేస్తుందిలే అని నవ్వి పంపేశారట. ఇప్పుడు విత్తనాలు మొండెం మీద పోస్తే నాలుగువైపులా జారిపోతున్నాయంది. ఒడి లేదు కదా మరి.

“కబ్ ఆహీ?” అని అడిగింది. ఎప్పుడొస్తుంది అని.

తెస్తానని మాటివ్వలేదు. కాగితం పరిచి, మొండెం అంచు వెంట పెన్సిలుతో గీత గీసుకున్నాను. గ్యాలరీకి వచ్చి విగ్రహం అడుగుకీ అలాగే గీశాను. రెండూ ఒకదానిమీదొకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే, అంచంతా కలిసింది. ఎడమ మూల విరిగిన పెచ్చు కూడా కలిసింది. రెండు గీతలు ఒకే గీతగా మారిపోవడం చూస్తుంటే, దూరంగా ఎవరో ఇంటికొచ్చి తలుపు మూసుకున్నట్టనిపించింది.

ఆ కాగితాలే మీటింగులో పెట్టాను.

“రాయికీ రాయికీ పోలికలుంటాయి మాస్టారూ,” అన్నాడు సెక్రటరీ. “పోయిన విగ్రహాల లిస్టులో ఉందేటి ఇది?”

“ఠాణాలో కంప్లయింటే రాసుకోలేదండి. లిస్టులోకి ఎలా వస్తుంది?”

“లేదంటే లేనట్టే.”

“లిస్టులో లేనంతమాత్రాన దాతగారి సొత్తయిపోదండి. ఎవరి దగ్గర కొన్నారో కాంట్రాక్టరుగారిని పిలిచి అడగండి.”

“దానమిచ్చినోణ్ణి దొంగా అని అడగమంటారా?”

“దొంగా అనొద్దు. ఎక్కణ్ణించీ అనండి.”

అప్పుడే టీ వచ్చింది.

మర్నాడు బడి అయ్యాక వెళ్లేసరికి అమ్మవారు నల్లగా, నిగనిగా మెరుస్తోంది. తుప్పు వదిలించే యాసిడ్ తెప్పించి, సిందూరమంతా కడిగించారు. కుళ్లు లేకుండా ఎంత బాగుందో చూడండి అన్నాడు సెక్రటరీ, నిజంగా సంతోషంగా. ఇనుముతో బతికినవాళ్లకి పైపొర అంటే వదిలించాల్సిన మకిలే. ఈవిడ బతుకంతా ఆ పొరల్లోనే ఉంది. నేను రాయనన్న కార్డు వేరే ఎవరో రాశారు. ‘దాత కుటుంబ సేకరణ.’ అంతే. ఖాళీ అనే మాట కూడా లేదు.

పురావస్తు శాఖ మొదలుకుని రాయాల్సినవాళ్లందరికీ రాశాను. ఆ పల్లెవాళ్ల చేత ఠాణాలో కాగితం పెట్టించాను, అందినట్టు ముద్ర వేయించుకునేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ అవుననలేదు.

ఊడిన ముక్క నా దగ్గరే ఉంది. రెండు గీతలూ ఉన్నాయి. మొండెం గద్దెలోనే ఉంది, వెళ్లి కొలుచుకోవచ్చు. సెక్రటరీగారూ, రిటైరయ్యారని తెలుసు, మర్యాదగానే అడుగుతున్నాను. కలకత్తా బీరువాలో ఉన్న అమ్మవారి సిందూరంలోకి భిలాయి మెరుపు ఎలా వచ్చింది? కాంట్రాక్టరు చేతికి రాకముందు ఆవిడ ఎవరిది? నాకు టీ వద్దు. ఆ పల్లెలో ఆమె విత్తనాలు పట్టుకుని అడుగుతోంది, కబ్ ఆహీ అని. ఆమెకి ఏం చెప్పమంటారో చెప్పండి.