తమ వీలు చూసుకుని

ఆ గ్రంథాలయంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ వీలక్కే. ఎవరు ఎవర్ని ఎప్పుడు కలవాలో, ఏ అధికారి ఏ పూట వస్తారో ఫోన్ల మీద కుదర్చడం ఆమె ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె నోట "వీలు" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు కాబట్టి ఆ పేరు దానంతటదే అతుక్కుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. వీలక్క దగ్గర రెండు నోళ్లు ఉండేవి, రెండూ మంచివే. ఒకటి పైవాళ్లకు. "నమస్కారమండీ, తమ వీలు చూసుకుని..." అని మొదలుపెడితే అవతలి పెద్దమనిషికి కుర్చీ ఇంకో జానెడు ఎత్తయినట్టుండేది. రెండోది తనలాంటి గుమాస్తాలకు. దానికి నమస్కారమూ లేదు, ఉపోద్ఘాతమూ లేదు. "ఏమోయ్, మీ సారు రేపు ఖాళీయేనా? పదకొండుకి పెట్టెయ్, మాట మార్చావో చూడు."

అసలు పని జరిగేది ఈ రెండో నోటితోనే. ముందు అధికారి దగ్గరుండే గుమాస్తాతో మాట్లాడి పూట ఖాయం చేసుకునేది. తర్వాత మొదటి నోటితో అధికారికి ఫోన్ చేసి, ఆ పూటను ఆయనే ఎంచుకున్నట్టుగా ఒప్పించేది. తెరవెనక "పెట్టెయ్", తెరముందు "తమ దయ". ఈ విద్యలో ఆమెకు జోడీ నగరపాలక కార్యాలయంలో భవనాల విభాగం గుమాస్తా. వయసులో చిన్నవాడు. పదేళ్లుగా ఫోన్‌లో అతను "అక్కా", ఈమె "తమ్ముడూ".

ఆ తమ్ముడు శాఖాపరమైన పరీక్ష పాసై, ఆ విభాగానికే అధికారి అయి కూర్చున్నాడు. వీలక్క సంతోషించింది, ఆఫీసులో అందరికీ మిఠాయి పంచింది. అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది.

గ్రంథాలయంలో పిల్లల గది కట్టారు. గోడలకు రంగులు, పొట్టి కుర్చీలు, చెయ్యెత్తితే అందే బీరువాలు. అన్నీ సిద్ధం. భవనాల అధికారి వచ్చి చూసి సంతకం పెడితేనే తలుపు తియ్యాలి. గ్రంథాలయాధికారి, అందరూ పెద్దాయన అని పిలిచే ఆయన, ఆ గది కోసం ఏళ్ల తరబడి ఎక్కని మెట్టు లేదు, దిగని మెట్టు లేదు. శుక్రవారం ఆయన రిటైరవుతున్నారు. తలుపు తన చేత్తో తియ్యాలని ఆయన ఎవరితోనూ అనలేదు. రోజూ మధ్యాహ్నం అద్దంలోంచి లోపలికి చూసి వెళ్లిపోయేవారు. అది చూసినప్పుడల్లా వీలక్కకు గుండె చెరువయ్యేది.

సోమవారం ఫోన్ తీసింది. తమ్ముడి పాత కుర్చీలోకి వచ్చిన కొత్త గుమాస్తా పలికింది. "సార్ మీటింగ్‌లో ఉన్నారండి. ఏ పని మీద?"

"పెద్ద పనేం కాదమ్మా. సార్ వీలు చూసుకుని ఎప్పుడు చెప్పినా సరే" అంది వీలక్క. ఆ అమ్మాయి అలాగే రాసుకుంది. పెద్ద పని కాదు, ఎప్పుడైనా సరే. అలాంటివి ఎక్కడికి పోతాయో ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషికి మనం చెప్పాలా? కాగితాల అడుక్కి పోతాయి.

మంగళవారం నేరుగా సారుకే చేసింది. గొంతు సవరించుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ.

"నమస్కారమండీ సార్. తమరు ఎంత పనిలో ఉంటారో తెలుసు. మా పిల్లల గది సంగతి... తమకు ఎప్పుడు వీలైతే అప్పుడే."

"అలాగేనండి. వచ్చే వారం చూద్దాం" అన్నాడు తమ్ముడు.

"చిత్తం సార్" అంది వీలక్క. ఫోన్ పెట్టేశాక గానీ దేనికి చిత్తం అన్నదో తెలిసిరాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో పప్పు మాడింది. భర్త సైకిళ్లు బాగుచేసే మనిషి, మాటలు కూడా బిగించాల్సిన చోటే బిగిస్తాడు. సంగతంతా విని పగలబడి నవ్వాడు.

"చిత్తమా? అతనేమైనా గుర్రమెక్కి వచ్చిన మహారాజనుకున్నావా?"

"నవ్వకండి. అంత కుర్చీలో ఉన్నవాడికి తేదీ నేను చెప్తే ఏం బాగుంటుంది?"

"నన్ను ఏమని పిలుస్తావ్?"

"ఏమండీ అనే కదా."

"గౌరవమే కదా? మరి మొన్న 'ఏమండీ, ఆదివారం పొద్దున్న నీళ్ల ట్యాంకు కడగాలి, సాయంత్రం చుట్టాలొస్తున్నారు' అన్నావే. 'తమకు ఎప్పుడు వీలైతే అప్పుడు' అనుంటే ఆ ట్యాంకులో ఈపాటికి చేపలు పెరిగేవి. అడగందే అమ్మయినా పెట్టదు."

వీలక్క మాడిన పప్పు వంకా, భర్త వంకా మార్చి మార్చి చూసింది. ఈయనకు ఇంత తెలివి ఎప్పుడొచ్చిందా అని అనుమానం వచ్చింది.

బుధవారం మళ్లీ ఫోన్. ఈసారి కూర్చునే.

"నమస్కారం సార్. పిల్లల గది తనిఖీ ఈ శుక్రవారంలోపు కావాలండి. ఆ రోజు మా పెద్దాయన రిటైరవుతున్నారు. తలుపు ఆయన చేతే తీయించాలని మా అందరి కోరిక. గురువారం మధ్యాహ్నం గానీ శుక్రవారం పొద్దున గానీ, మీకు ఏది వీలవుతుంది సార్?"

"శుక్రవారమా? ఈ మాట నిన్న చెప్పలేదేమండి? ఎప్పుడైనా అంటే తొందరేం లేదనుకున్నాను."

"తప్పు నాదే సార్."

"గురువారం మూడింటికి వస్తాను" అన్నాడు. వీలక్క మనసు తేలికపడి, ఆ పూట అందరికీ టీ తనే పోసింది.

గురువారం కారు ఆగింది. వీలక్క రెండు చేతులూ జోడించి "రండి సార్" అంది. అతనూ బింకంగా "నమస్కారమండి" అన్నాడు. తలుపులు బయటికి తెరుచుకుంటున్నాయా, బీరువాలు గోడకు బిగించారా అని నిజంగానే ఒక్కొక్కటీ చూశాడు. రెండో దారికి ఓ బీరువా అడ్డంగా ఉందని అక్కడికక్కడే జరిపించాడు. కూడా వచ్చినవాళ్లు వరండా కొలవడానికి వెళ్లగానే, ఒక పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూలబడ్డాడు.

"అక్కా, నువ్వు కూడా తమరు అనేసరికి నాకు ఏడుపొచ్చిందే. ఆఫీసులో అందరూ 'మీ వీలు సార్' అనేవాళ్లే. ఏ పని ముందో చెప్పే నాథుడు లేడు."

వీలక్కకు కళ్లు చెమర్చాయి. "పదిమందిలో సార్ అంటాను. అది నీ కుర్చీకి, తప్పదు. ఎవరూ లేనప్పుడు తమ్ముడివే. తేదీ మాత్రం రెండు చోట్లా చెప్తాను."

"అదే కావాలి" అని సంతకం పెట్టాడు.

శుక్రవారం పెద్దాయన తలుపు తీశారు. తీశారో లేదో పిల్లలు ఆయన చంకల కిందుగా లోపలికి దూరిపోయారు. ఆయన ప్రసంగం రాసుకొచ్చారు గానీ ఆ గోలలో ఎవరు వింటారు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నవ్వుతూ నిలబడ్డారు.

ఆదివారం వీలక్క ఇంటికి ఫోన్ వచ్చింది. ఆవిడను ఏళ్లకేళ్లు "ఇలా రామ్మా, అలా చేయమ్మా" అని నడిపించిన పెద్దాయన గొంతు కొత్తగా, మెల్లగా ఉంది.

"నమస్కారమమ్మా. మీ వీలు చూసుకుని... ఎప్పుడైనా ఓ పూట నేను ఆ గదిలో పిల్లలకు కథలు చదవొచ్చేమోనని. తొందరేం లేదు."

వీలక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నమస్కారం సార్. రేపు సాయంత్రం నాలుగింటికి వచ్చేయండి. పిల్లలు ఎదురుచూస్తుంటారు" అంది.