మూడో పేరాలో మిగిలిపోయిన మాట

మేనేజరు నుంచి "నోటెడ్, థ్యాంక్స్" అని జవాబు వచ్చింది. సోమవారం నుంచి పిల్లల డే కేర్ ఐదింటికే మూసేస్తారట. నాలుగున్నరకు వెళ్లనివ్వమని, మిగతా పని రాత్రి ఇంటి నుంచి చేస్తానని మెయిల్లో అడిగాను. అవునో కాదో చెప్పకుండా నోటెడ్ అంటే ఆయన నేను అడిగిన చోటిదాకా చదవలేదన్నమాట. ఆ సాయంత్రమే షిఫ్టులు ఖరారు చేస్తారు.

పక్క సీటు అమ్మాయి నా మెయిల్ చదివింది.

"ఏందక్కా, మొదటి పేరా అంతా సారీలే. రెండోదాంట్ల ఇంటి ముచ్చట. అడిగింది మూడోదాంట్ల పెట్టినవ్. సార్ మీటింగుల నడుమ ఫోన్ల చూస్తడు, గంత కిందికి వస్తడా?"

"సూటిగా అడిగితే పొగరనుకుంటారేమోనే."

"ప్లీజ్ అని ఒక్కసారి రాయి, చాలు."

ఓపిక తెచ్చుకుని మళ్లీ రాశాను. పలకరింపు ఉంచి, దాని కిందే దయచేసి అనుమతించమన్న కోరిక పెట్టాను. తర్వాత డే కేర్ కారణం ఒక్క వాక్యం, రాత్రి ఎనిమిది నుంచి పది వరకు ఆన్‌లైన్‌లో ఉంటానన్న మాట, ఈ సాయంత్రంలోగా తెలిపితే మేలని ఇంకో వాక్యం, చివర కృతజ్ఞతలు. చిన్నదాని జ్వరాలూ అత్తగారి మోకాళ్ల నొప్పులూ తీసేశాను.

ఆఫీసు నుంచి బయల్దేరుతుండగా జవాబు వచ్చింది. "ఓకే. మూడు నెలలకు. తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున బూట్లు తొడుగుతూ పిల్లలకు చెప్పాను. "సోమవారం నుంచి గేటు మూసేలోపు నేనే వస్తాను. రాత్రి మాత్రం నాన్న దగ్గర పడుకోవాలి, నాకు పనుంటుంది."